ఉప్పు లేని సీసా

నడక పోటీ అంటే నవ్వేవాళ్లకు తిరుపతిలో కొదవ లేదు. పరుగెత్తితే ఊరుకుంటారు, మామూలుగా నడిచినా ఊరుకుంటారు, నడుం తిప్పుకుంటూ పరుగులాంటి నడక నడిస్తే మాత్రం పాల ప్యాకెట్ల కోసం వచ్చినవాళ్లు కూడా ఆగి మరీ నవ్వుతారు. ఒక పాదం ఎప్పుడూ నేలను అంటుకునే ఉండాలని, ముందుకు పడిన కాలు మోకాలి దగ్గర వంగకూడదని, తప్పితే జడ్జీలు ఎర్ర కార్డు రాస్తారని, ఆ తీరున ముప్పై అయిదు కిలోమీటర్లు పోవడం ఎంత నరకమో వాళ్లకేం తెలుసు? చిత్తూరులో పరుపులు కుట్టే కాశిం సాహెబ్ కూతురు నిలోఫర్ ఆ నవ్వులన్నీ విని, వాటిని దారి పక్క కుక్కల అరుపుల్లో కలిపేసి, నాలుగేళ్లుగా నడుస్తూనే ఉంది.

ఆమెను చూసి నవ్వని మొదటి మనిషి రాజారత్నం సార్. రిటైరైన డ్రిల్లు మాస్టరు. పిల్లల్ని తెల్లవారుజామున గ్రౌండుకు రప్పించి నడక నేర్పుతాడు. మాట కరుకు, చేయి మెత్తన. నిలోఫర్ కాలి బొబ్బకు ఆయనే సూది కాల్చి నీరు తీసేవాడు. కాశిం సాహెబ్ కూతుర్ని తిరుపతి హాస్టల్లో చేర్చిన రోజు ఆయన దగ్గరికి తీసుకొచ్చి, "సార్, నా బిడ్డను మీ చేతుల్లో పెడతా ఉండా" అన్నాడు. ఆ మాట ఎవరికైనా అనడం ఆయన జీవితంలో అదే మొదలు.

ఆమె చెమట సంగతి కనిపెట్టిందీ సారే. చేరిన మొదటి ఎండాకాలంలో, ప్రాక్టీసయ్యాక నల్ల జెర్సీ ఆరితే వీపు మీద తెల్లటి చారలు గట్టుగట్టుగా తేలాయి. తోటి పిల్లలు ముసిముసిగా నవ్వారు. నిలోఫర్ సిగ్గుతో దుపట్టా కప్పుకోబోతే సార్ ఆపాడు. ఒక చారను గోటితో గీకి నాలికకు తగిలించుకుని చూశాడు.

"ఇందులో సిగ్గేముండాది పాపా? ఉప్పు ఇది. అందరి చెమటా ఒకటి కాదు. నీ చెమటలో ఉప్పు జాస్తి. పోయిందాన్ని మనం మళ్లా పెట్టకపోతే పెద్ద దూరాల్లో నువ్వు పడిపోతావు."

ఆ రోజు నుంచి ప్రాక్టీసుకు ముందొకసారి, తర్వాత ఒకసారి ఆమెను కాటా ఎక్కించేవాడు. తాగిందెంతో, తగ్గిందెంతో చూసి, గంటకు ఎంత చెమట పోతోందో తేల్చాడు. క్రీడాకారులు తాగే నారింజ రంగు పొడిని నీళ్లలో కలిపి, ఆ పొడిలోని ఉప్పు ఈ పిల్లకు చాలదని, లీటరుకు పావు చెంచా ఉప్పు పైన వేసేవాడు. చెంచా మీద వేలితో చదును చేసి మరీ. ఆయన శిష్యురాలే అయిన కృపామణికి మాత్రం ఉత్త పొడి చాలు. ఆ పిల్ల ఎంత నడిచినా జెర్సీ మీద చార తేలదు.

కలిపే పని ఆయన ఇంకొకరి చేత చేయించేవాడు కాదు. "నీ పని నడవడం, సీసా పని నాది" అనేవాడు. పోటీ రోజున నడిచేవాళ్ల సీసాలను కోచ్‌లు ముందే నింపి బల్ల మీద పెడతారు. ప్రతి చుట్టుకూ ఆ బల్ల దగ్గరే అందుకోవాలి, ఇంకెక్కడ ఎవరిచ్చినా తీసుకోకూడదు. కాబట్టి నడిచేవాళ్ల ప్రాణం సగం కాళ్లలో, సగం సీసా నింపిన చేతిలో ఉంటుంది. నిలోఫర్ మూత తీసి వాసన కూడా చూసేది కాదు.

రాష్ట్ర సెలెక్షన్ పోటీకి కొన్ని వారాల ముందు జయరావు అనే మనిషి గ్రౌండుకు కారులో వచ్చాడు. ప్యాకెట్ కొబ్బరినీళ్ల కంపెనీ వాడు. ఈ పోటీలో గెలిచిన అమ్మాయికి జాతీయ క్యాంపులో చోటు దొరుకుతుంది, గెలిచేది నిలోఫరే అని గ్రౌండులో గడ్డి పరకకు కూడా తెలుసు. ఆమె సీసాల మీద తమ పేరుండాలి, తాగుతుంటే వీడియో తీసుకుంటాం అన్నాడు జయరావు. సార్ పేరు మీద నడక అకాడమీ కట్టించి ఇస్తామని కూడా అన్నాడు. రేకుల షెడ్డు కాదు, పక్కా బిల్డింగు.

నిలోఫర్‌కు ఒకటే అనుమానం. "సార్, నేను తాగాల్సింది కొబ్బరినీళ్లా?"

సార్ నవ్వాడు. "పిచ్చిదానా! పైన కాగితం వాళ్లది, లోపల మనది. కొబ్బరినీళ్లు మంచివే, ఎవురు కాదన్నారు? పొటాషియం దండిగా ఉంటాది, ఆ పొడిలో ఉండేదానికి పది రెట్లు పైమాటే. కానీ చెమటలో పోయేది సోడియం గదా. ఉప్పులోది. అది కొబ్బరినీళ్లలో తక్కువ, కాయకో తీరు. మూడు గంటల నడకలో నీ చెమటకు అది యాడ చాలుతుంది? పోటీ అయినాక అన్నం తిని ఎన్ని తాగుతావో తాగు, నేనే కొనిస్తా."

ఆ మాటలు ఆమెకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి. గుర్తు లేకపోతే బాగుండేది.

పోటీ రోజు చీకటి విడవకముందే రోడ్డు మూసేశారు. కిలోమీటరు చుట్టు, ముప్పై అయిదు సార్లు తిరగాలి. తూకం చూసుకుని, కాళ్లు సాగదీసుకుని నిలోఫర్ గీత దగ్గర నిలబడింది. రోడ్డు పక్కన కొత్త చొక్కాతో కాశిం సాహెబ్ కనిపించాడు, చిత్తూరు నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చినట్టున్నాడు. తుపాకీ పేలింది.

మూడో చుట్టులో బల్ల దగ్గర సార్ అందించిన సీసా అందుకుని ఒక గుక్క తాగింది. తియ్యగా ఉంది, లేత కొబ్బరి వాసన గుప్పుమంది. ఉప్పు జాడ లేదు. ఆమె అడుగు తడబడింది. పక్కన జయరావు మనిషి కెమెరా పట్టుకుని నడుస్తూ తీస్తున్నాడు. పొరపాటున ఒక సీసా మారి ఉంటుందిలే అనుకుంది. తర్వాతి చుట్టులో ఇంకో సీసా అందుకుంది. అదీ అంతే. బల్ల దాటుతూ సార్ ముఖం చూసింది. ఆయన ఎటో చూస్తూ, "తాగు పాపా, తాగు, ఎండ వస్తాది" అని చేత్తో సైగ చేశాడు.

నడిచేవాళ్లు ఆగి అడగలేరు. ఆగితే చుట్టు పోతుంది. బల్ల మీద ఉన్నవి రెండే: సార్ ఇచ్చే సీసా, నిర్వాహకులు పెట్టిన మామూలు నీళ్ల గ్లాసులు. ఒకదాంట్లో తనకు కావలసిన ఉప్పు ఏ మూలకూ చాలదు, రెండోదాంట్లో అసలు లేదు. సార్ తాగమన్నాడంటే ఏదో ఆలోచించే ఉంటాడని సర్దిచెప్పుకుంది. అప్పుడే ఆమె ఒక తప్పు చేసింది. ఉప్పు తక్కువైనప్పుడు ఎక్కువ తాగితే లెక్క సరిపోతుందనుకుంది. నాలుగేళ్లుగా ఎవరో ఒకరు లెక్క చూసి పోస్తే తాగడం అలవాటైన మనిషి, తన దాహాన్ని అడగడం ఎప్పుడో మరిచిపోయింది. ప్రతి చుట్టుకూ సీసా అందుకుంది, అవి చాలవని నీళ్ల గ్లాసులూ ఎత్తింది. కెమెరా అతను సంతోషపడ్డాడు.

ఇరవయ్యో చుట్టు దాకా ఆమే ముందుంది. ఆ తర్వాత కడుపు ఉబ్బి, ప్రతి అడుగుకూ లోపల నీళ్లు తొణికాయి. తల పగిలిపోతున్నట్టు నొప్పి. చేతి వేళ్లు లావెక్కి పిడికిలి బిగియడం లేదు. ఎండ దెబ్బేమోనని ఇంకా తాగింది. ఇరవై ఏడో చుట్టులో కళ్ల ముందు రోడ్డు రెండుగా కనిపించింది. ఏ రోడ్డు మీద నడవాలో తెలియక మధ్యలోకి అడుగేసింది. వాంతి చేసుకుంటూ తూలి పడిపోయింది. ఆమెను దాటుకుని కృపామణి వెళ్లిపోయింది. వెళ్లడం తప్పు కాదు, పోటీ అంటే అదే.

దారి పక్క వైద్యుల గుడారంలో ఎవరో ఆమె నోటి దగ్గర నీళ్లు పెట్టబోయారు. పోటీకి వచ్చిన డాక్టర్ భానుప్రియ వాళ్ల చేయి పట్టుకుని ఆపింది.

"ఆగండి. పడిపోయినోళ్లందరికీ నీళ్లు తగ్గిపోయినట్టు కాదు. ఈ వేళ్లు చూడండి ఎలా ఉబ్బాయో. పొద్దున బరువు ఎంత?"

సార్ చెప్పాడు. ఇద్దరు పట్టుకుని కాటా మీద నిలబెట్టారు. పొద్దుటి కంటే కిలో పైన ఎక్కువ తూగింది. అంత దూరం చెమటోడ్చిన మనిషి బరువు తగ్గాలి గానీ పెరగకూడదు.

"ఏం తాగింది ఈ అమ్మాయి?" అంది డాక్టరు.

నిలోఫర్ కళ్లు మూసుకుని ఉంది. నాలుక తిరగడం లేదు గానీ చెవులు పనిచేస్తున్నాయి. సార్ చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అనుకుంది.

"మామూలుగా తాగేదేనమ్మా. పొడి, ఉప్పు. ఈసారి నేనే కలుపుకుంటానని తనే కలుపుకొనింది. ఉప్పు మర్సిపోయినట్టుండాది. చిన్నపిల్ల గదా" అన్నాడు రాజారత్నం సార్.

ఆ మాట అన్న గొంతు అదే గొంతు. బొబ్బలకు సూది కాల్చిన రోజు పలికిన గొంతే. నిలోఫర్ నోరు తెరవాలని చూసింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. అంబులెన్సు తలుపు వేశారు.

ఆసుపత్రిలో రక్తం చూస్తే సోడియం నూట ఇరవై నాలుగుంది. నూట ముప్పై అయిదుకు తగ్గకూడదట. గాఢమైన ఉప్పు నీళ్ల సెలైను కొద్దికొద్దిగా ఎక్కించి, గంట గంటకూ రక్తం చూశారు. మాట తిరిగాక డాక్టర్ భానుప్రియే మంచం పక్కన కూర్చుని అడిగింది. నిలోఫర్ కొబ్బరినీళ్ల సంగతి చెప్పింది. డాక్టరు రక్తం రిపోర్టు మళ్లీ ఒకసారి చూసింది.

"నువ్వు చెప్పినట్టే జరిగి ఉండొచ్చమ్మా. కానీ రక్తం చూసి సీసాలో ఏముందో నేను చెప్పలేను. అన్నిటికంటే మొదటి కారణం నువ్వు అతిగా తాగడం. మంచినీళ్లైనా, కొబ్బరినీళ్లైనా, కొట్లో దొరికే ఆ రంగు నీళ్లైనా చెమటను మించి తాగితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది. మీ సార్ వేసే పావు చెంచా ఉండి, దాహానికి తగ్గట్టు తాగి ఉంటే నువ్వు ఇక్కడుండేదానివి కాదు."

సాయంత్రం కాశిం సాహెబ్ వచ్చాడు, వెనకే రాజారత్నం సార్. కాశిం సాహెబ్ కూతురి తల నిమిరి, వెనక్కి తిరిగి సార్ రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు.

"మీరు లేకుంటే నా బిడ్డ దక్కేది కాదు సార్. అంబులెన్సులో కూడా మీరే ఎక్కినారంట. అల్లా మిమ్మల్ని సల్లగా సూడల్ల."

సార్ ఆ చేతులు వెనక్కి తీసుకోలేదు. "నా బిడ్డ కాదా ఏంది అప్పా" అన్నాడు. నిలోఫర్ దిండులోకి ముఖం తిప్పుకుంది.

మరునాడు పొద్దున కృపామణి వచ్చింది. గెలిచిన పిల్ల, మెడలో పతకం లేదు, బ్యాగులో దాచుకున్నట్టుంది. చుట్టూ చూసి, ఎవరూ లేరని తెలిశాక మంచం అంచున కూర్చుంది.

"అక్కా, నీకొక మాట చెప్పల్ల. ఆ పొద్దు నేను కారు దగ్గరే ఉండాను. జయరావు ప్యాకెట్లు కోసి నీ సీసాల్లో పోస్తా ఉంటే సార్ వాటిని పట్టుకొని ఉండాడు."

"సార్ మరిచిపోయినాడేమో. నా పొడి తేలేదేమో" అంది నిలోఫర్. అలా అయి ఉండాలని ఎంత కోరుకుందో ఆమెకే తెలుసు.

"పొడి ఉండాది అక్కా. నా సీసాలు ఆ పొడితోనే కలిపినాడు, పక్కనే, అదే చేత్తో. ఎప్పటి మాదిరే కొలత పెట్టి" అంది కృపామణి. తర్వాత ఆగి, "నీకు చెప్దామనుకున్నా. సార్ కండ్లెర్రజేసినాడు" అంది.

తెలియక చేసి ఉంటే క్షమించొచ్చు. కొబ్బరినీళ్లు దేవుడిచ్చిన మందు అని నమ్మే పెద్దమనుషులు వీధికి పదిమంది ఉంటారు, వాళ్లలో ఒకడైతే ఏడ్చి ఊరుకోవచ్చు. ఈయనకు తెలుసు. ఆమె వీపు మీది ఉప్పును నాలిక మీద వేసుకుని చూసిన మనిషి. ప్రపంచంలో ఆమె ఒంటి లెక్క తెలిసినవాడు ఒకే ఒక్కడు, వాడే సీసా మార్చాడు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే.

మధ్యాహ్నం సార్ ఒంటరిగా వచ్చినప్పుడు ఆమె అడిగేసింది. ఆయన కిటికీ దాకా వెళ్లి, తిరిగొచ్చి, కుర్చీలో కూలబడ్డాడు.

"జయరావు ఒప్పుకోలేదు పాపా. పైన మా పేరు, లోపల ఇంకొకటి పోస్తే రేపు మా మీద కేసు పడతాది అన్నాడు. పోటీ దినం పొద్దున్నే వచ్చి మెలిక పెట్టినాడు. నీ వయసు పిల్లకు ఒకరోజుకు ఏం కాదులే, ఒళ్లు తట్టుకుంటాది అనుకున్నా."

"అందులోనే ఒక చిటికెడు ఉప్పు వేసి ఉండొచ్చు కదా సార్?"

"వెయ్యొచ్చు. స్వచ్ఛమైన కొబ్బరినీళ్లు అని రాసుకొనుండారు, ఏమీ కలపకూడదన్నారు."

"నాకన్నా చెప్పి ఉండొచ్చు కదా? చెప్పి ఉంటే తక్కువ తాగేదాన్ని. పొద్దున్నే ఉప్పు బిస్కెట్లు తినేదాన్ని. బల్ల దగ్గర తాగు తాగు అని చెయ్యి ఎందుకు ఊపినారు?"

రాజారత్నం సార్ నేల చూశాడు. "చెప్తే నువ్వు తాగవని తెలుసు. తాగకుంటే వీడియో రాదు."

ఇంతకంటే నిజం ఆయన నోట ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. నిలోఫర్‌కు ఏడుపు వచ్చింది, ఆపుకోకుండా ఏడ్చింది. సార్ తువ్వాలు అందించబోతే చేయి తోసేసింది. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించాడు.

"సూడు పాపా. రేపు అథ్లెటిక్స్ సంఘం సెక్రటరీ రామచంద్ర వస్తా ఉండాడు. తప్పు నీదైతే ఇంతటితో సరి. తప్పు నాదని తేలితే నీకు మళ్లా నడిచే అవకాశం ఇస్తారు, నన్ను మాత్రం గ్రౌండు గేటు తొక్కనియ్యరు. ఇరవై మంది పిల్లలుండారు నా కింద. అకాడమీ వస్తే అందరికీ నీడ. నీకు వయసుండాది, వచ్చే ఏడు నడుస్తువు. ఈ ఒక్క తప్పు నీ మీద ఏసుకో."

ఆమె దుప్పటి గొంతు దాకా లాక్కుంది. ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడో ఏమో, తల మీద చేయి పెట్టి వెళ్లిపోయాడు.

రామచంద్ర వచ్చినప్పుడు గదిలో అందరూ ఉన్నారు. కాశిం సాహెబ్, రాజారత్నం సార్, క్యాంపు కాగితాల మీద సంతకాలకని సెక్రటరీ రమ్మన్న కృపామణి. రామచంద్ర మంచివాడే, తొందర మనిషి.

"సీసాలు నువ్వే కలుపుకున్నావంట గదమ్మా?"

"లేదు సార్. నేను ముట్టుకోలేదు. రాజారత్నం సార్ నింపినాడు. పొడి, ఉప్పు లేవు, ఉత్త కొబ్బరినీళ్లు పోసినాడు. కంపెనీ వాళ్ల కోసం" అంది నిలోఫర్. ఒక్క మాటా మింగలేదు.

రాజారత్నం సార్ నిట్టూర్చాడు, దెబ్బ తిన్నవాడి నిట్టూర్పు.

"పిల్ల ఇంకా తేరుకోలేదు సార్. క్యాంపు పోయిందనే బాధ. పైన కాగితం మాత్రమే కంపెనీది."

రామచంద్ర అక్కడే జయరావుకు ఫోన్ చేశాడు. మేము పేరు అంటించాం అంతే, లోపల ఏం పోసుకున్నారో మాకెలా తెలుస్తుంది, ఆ వీడియో కూడా తీసేశాం, మా పేరున్న సీసా పట్టుకుని అమ్మాయి పడిపోతే ఎవరు చూపించుకుంటారు అని జయరావు గబగబా చెప్పి పెట్టేశాడు. ఖాళీ సీసాలు ఏ చెత్తబండిలో పోయాయో దేవుడికే తెలియాలి.

"నువ్వేమన్నా చూసినావామ్మా?" అని రామచంద్ర కృపామణిని అడిగాడు.

నిలోఫర్ కృపామణి వైపు చూసింది. నిన్న మంచం అంచున కూర్చున్న పిల్లే. కృపామణి సార్ వైపు చూసింది, తర్వాత తన చేతిలోని క్యాంపు కాగితాల వైపు చూసింది. క్యాంపుకు పిల్లతోపాటు కోచ్ కూడా వెళ్తాడు.

"నేను సూడలేదు సార్. కాళ్లు సాగదీసుకుంటా ఉండాను" అంది.

నిలోఫర్ ఇంకా ఒక్కడున్నాడు గదా అని తండ్రి వైపు తిరిగింది. కాశిం సాహెబ్ కూతుర్నీ సార్‌నూ మార్చి మార్చి చూశాడు. ఆయన కళ్లలో భయం, సిగ్గు. పెద్దమనిషి ముందు కూతురు తలవంపులు తెచ్చిందన్న సిగ్గు.

"బేటా, సార్ మీద అట్ల మాట్లాడొద్దు. ఓడిపోతే పోయిందిలే. మనకు ఇంత చేసిన మనిషి అబద్ధం ఎందుకు చెప్తాడు?" అన్నాడు, మెల్లగా, బతిమాలుతున్నట్టు.

ఆ మాటకు ఆమె గుండె పగిలింది. కాశిం సాహెబ్ చెడ్డవాడు కాదు, ఒకసారి నమ్మితే తిరిగి లెక్క చూసుకోవడం చేతకాని మనిషి. బల్ల దగ్గర ఆమె చేసిందీ అదే. అందుకే తండ్రి మీద అరవలేకపోయింది. "నేను అబద్ధం చెప్పలేదు అబ్బాజాన్" అని మాత్రం అంది. రామచంద్ర సాక్ష్యం లేదని, చేయగలిగింది ఏమీ లేదని చెప్పి లేచాడు. రెండో అవకాశం అక్కడితో ముగిసిపోయింది.

ఆమె చిత్తూరు వెళ్లిపోయింది. పగలంతా తండ్రి అంగట్లో దూది ఏకుతూ కూర్చునేది. తెల్లవారుజామున మాత్రం లేచి, ఎవరికీ చెప్పకుండా, కొంచెం దూరం నడిచి వచ్చేది. కాళ్ల మీద ఆమెకు కోపం లేదు.

క్యాంపుకు బయల్దేరే ముందు కృపామణి చిత్తూరు వచ్చింది. అంగటి మెట్టు దిగువనే నిలబడిపోయింది. కాశిం సాహెబ్ నమాజుకు వెళ్లాడు. నిలోఫర్ దూది పక్కకు నెట్టి, లోపలికి రమ్మనకుండా, ఏమన్నట్టు చూసింది.

"అక్కా, తిట్టు, కొట్టు, పడతాను. మా అమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నిలబడి నిలబడి కాళ్లు వాచిపోయి ఉండాది. ఈ క్యాంపు పోతే నాకు ఇంకోటి లేదు. అందుకే నోరు పెగల్లేదు."

"ఇప్పుడెందుకు వచ్చినావు?"

కృపామణి చున్నీ కొస నలిపింది. "క్యాంపులో పెద్ద పోటీ ఉండాదంట. జయరావు మన సార్ దగ్గరికి మళ్లా వచ్చినాడు. ఇప్పుడు నా సీసాల మీద కాగితం అంటిస్తారంట. లోపల మనదే పోస్తామని సార్ చెప్పినాడు." ఆ పిల్ల వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూసుకుంది. "నాకు భయంగా ఉండాది అక్కా. నా సీసాలు నేనే కలుపుకుంటా. ఎంత పొయ్యల్ల, ఎంత తాగల్ల, నాకు తెలీదు. సార్ కాకుండా ఆ లెక్క తెలిసింది నువ్వొక్కదానివే."

నిలోఫర్‌కు ముందు నవ్వొచ్చింది, తర్వాత మంట నెత్తికెక్కింది. చూడలేదు సార్ అన్న నోరే ఇది! చూడకపోతే ఈ భయం ఎక్కడిది? తను చెప్పింది నిజమని ఈ లోకంలో నమ్మిన ఒక్క ప్రాణీ ఈ పిల్లే, నమ్మి కూడా తన గొంతు మీద కాలేసి దాటిపోయింది. ఇప్పుడు ఒక్క మాట చాలు. కొబ్బరినీళ్లు చాల్లేవే, అందులో అన్నీ ఉంటాయి, ఎంత తాగితే అంత మంచిది అంటే చాలు. కృపామణి నమ్ముతుంది. ఎవరూ చూడరు, ఏ డాక్టరూ కనిపెట్టలేదు. ఆ మాట నిలోఫర్ నాలిక చివరికి వచ్చింది. చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

"నా లెక్క నీకు పనికి రాదు" అంది చివరికి. "నీ చెమటలో ఉప్పు తక్కువ. నీకు పొడి చాలు, ప్యాకెట్ మీద ఎంత నీళ్లని రాసుంటే అంతే కలుపు. పైన ఉప్పు వద్దు. నడవక ముందు, నడిచినాక కాటా ఎక్కు. బరువు కొంచెం తగ్గితే భయపడొద్దు, పెరిగితే మాత్రం భయపడు. దాహమైతేనే తాగు, ఎవరు చెయ్యి ఊపినా తాగొద్దు. కొబ్బరినీళ్లు అంతా అయినాక, అన్నంతో. మూత నువ్వే బిగించు, బల్ల దాకా నువ్వే మోసుకుపో. సార్ అడిగినా ఇయ్యొద్దు. నేనడిగినా ఇయ్యొద్దు."

కృపామణి అన్నీ పైకి అనుకుంటూ కంఠతా పట్టింది. ఒకచోట తప్పు చెబితే నిలోఫర్ దిద్దింది, మళ్లీ చెప్పించింది. ఒక్క ముక్క కూడా తప్పు పోకుండా అప్పజెప్పాక కృపామణి ఏడుస్తూ మెట్టెక్కి ఆమె చేయి పట్టుకోబోయింది.

"ముట్టుకోవద్దు" అంది నిలోఫర్. "లెక్క కోసం వచ్చినావు, ఇచ్చినాను. ఇంక నన్ను అక్కా అనొద్దు."